సహాయ శిబిరంలో కిట్ల పంపిణీ రిజిస్టరు: సాయంత్రానికి లెక్క తేలేలా రాసే పద్ధతి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలను ముంచెత్తినప్పుడు, ఒక బడిలో పెట్టిన శిబిరంలో నేను రిజిస్టరు బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పటినుంచి వాన గట్టిగా పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సరుకు వచ్చింది, జనం వచ్చారు, పంచేశాం. రాత్రి కూర్చుని చూస్తే పుస్తకంలో ఒక లెక్క, గదిలో ఒక లెక్క. ఎక్కడ తప్పు చేశాం?"

నూరు నుంచి ఐదువందల కుటుంబాల దాకా ఉండే శిబిరానికి సరిపోయే పద్ధతి ఇది. కరెంటు లేకపోయినా, నెట్ రాకపోయినా నడుస్తుంది. లాంగ్ నోట్‌బుక్‌లు, టోకెన్లు, ముగ్గురు ఓపికగల మనుషులు ఉంటే చాలు.

## 1. పెన్ను పట్టుకోకముందే తేల్చుకోవాల్సినవి

రిజిస్టరులో వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం రాతలో ఉండదు. మొదటి గంటలో తేల్చుకోని మూడు విషయాల్లో ఉంటుంది.

కుటుంబం అంటే ఎవరు? ఇంటి నంబరు పట్టుకుంటే దెబ్బ తింటాం. ఒకే డాబాలో కింద ఓనరు, పైన ఇద్దరు అద్దెవాళ్లు ఉంటారు. ఒకే రేషన్ కార్డు మీద అన్నదమ్ములిద్దరు ఉండి వేరు వంటలు చేసుకుంటారు. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒక పొయ్యికి ఒక కిట్. "మీ ఇంట్లో వంట ఒక్కచోటేనా, వేరువేరా?" అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు, జవాబు పక్కింటివాళ్లకీ తెలుసు. ఒక గదిలో ఉండే ఆరుగురు తాపీ కూలీలు కలిసి వండుకుంటుంటే వాళ్లదీ ఒక పొయ్యే, ఒక కుటుంబమే.

కిట్‌లో ఏముంది? రిజిస్టరు మొదటి పేజీలో రాసిపెట్టండి. మా కిట్‌లో బియ్యం 10 కేజీలు, కందిపప్పు కేజీ, నూనె లీటరు ప్యాకెట్, ఉప్పు కేజీ ఉండేవి. మధ్యలో నూనె అయిపోయి చక్కెర వేయాల్సి వస్తే దానికి "రెండో రకం కిట్" అని వేరే పేరు పెట్టి, ఏ తేదీ నుంచో రాయాలి. పేరు మార్చకుండా లోపలి సరుకు మారిస్తే ఆ తర్వాత ఏ లెక్కా నిలబడదు.

కిట్‌తో పాటు విడిగా ఇచ్చేవి ఏవి? దుప్పట్లు, శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల పాలపొడి లాంటివి అన్ని ఇళ్లకూ ఒకే లెక్కన పోవు. వాటిని కిట్ సంచిలో పెట్టొద్దు. నలుగురి దాకా ఉంటే రెండు దుప్పట్లు, ఐదుగురు ఆపైన ఉంటే మూడు అని మేము పెట్టుకున్నాం. ఇలా విడిగా ఉంచితే సాయంత్రం మరో లాభం కూడా ఉంది. అది ఏడో భాగంలో చూద్దాం.

ఇంకో మాట. ప్రభుత్వం ఇచ్చే సరుకునూ దాతలు ఇచ్చిన సరుకునూ ఒకే పేజీలో కలపకండి. ఆ వరదలప్పుడు ప్రభుత్వ కిట్‌లో 25 కేజీల బియ్యం, కేజీ కందిపప్పు, కేజీ చక్కెర, లీటరు పామాయిల్, రెండేసి కేజీల ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఉండేవి. మా కిట్ వేరు, మేము లెక్క చెప్పాల్సిన మనుషులూ వేరు. రెండూ "కిట్" అనే ఒకే మాట కింద పడితే ఎవరికీ సరైన జవాబు చెప్పలేం.

## 2. బల్ల మీద ఉండాల్సినవి

- లాంగ్ నోట్‌బుక్‌లు మూడు, గట్టి అట్టవి. మొదటి గీత గీయకముందే అన్ని పేజీలకూ నంబర్లు వేయాలి.
- మామూలు బాల్ పెన్నులు. జెల్ పెన్ను రాత ఒక్క తడి చెయ్యి తగిలితే చెదిరిపోతుంది.
- స్టాంప్ ప్యాడ్, పక్కనే పొడి గుడ్డ. వానలో నిలబడి వచ్చిన వేలితో ముద్ర వేయిస్తే నల్లటి మరక పడుతుంది గానీ గీతలు పడవు. ముందు వేలు తుడవాలి.
- వరస నంబర్లు వేసి, శిబిరం ముద్ర కొట్టిన టోకెన్లు, వాటిని వెనక్కి వేయడానికి మూత ఉన్న డబ్బా.
- తూకం మిషన్, పుస్తకాలు పెట్టుకోవడానికి పాలిథిన్ కవర్లు.

వైట్‌నర్ మాత్రం బల్ల దగ్గరికి రానివ్వొద్దు. తప్పు పడితే చదవగలిగేలా ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె కనిపిస్తున్నంతకాలం అది పొరపాటు. కనిపించకుండా చెరిపేస్తే అనుమానం అవుతుంది.

## 3. మూడు పుస్తకాలు, ముగ్గురి చేతుల్లో

ఒకే పుస్తకంలో అన్నీ రాయాలని చూస్తే ఏదీ సరిగ్గా రాయలేం. పని మూడుగా విడిపోవాలి.

కుటుంబాల జాబితా. పంపిణీకి ముందు, వీధుల్లో గానీ గదుల్లో గానీ తిరిగి రాసేది. టోకెన్ ఇచ్చేది ఇది రాసేవాళ్లే.

పంపిణీ రిజిస్టరు. బల్ల దగ్గర ఉండేది. ఒక కుటుంబానికి ఒక వరస.

నిల్వ పుస్తకం. సరుకు గది దగ్గర ఉండేది. ఏం వచ్చింది, ఏం కట్టారు, ఏం బల్లకు పంపారు, ఏం మిగిలింది.

పంపిణీ రిజిస్టరు రాసే మనిషీ నిల్వ పుస్తకం రాసే మనిషీ ఒక్కరే కాకూడదు. ఇది ఎవరినో అనుమానించి చెప్పడం కాదు. ఒక్కరే రెండూ రాస్తే ఒకదాని అంకె చూసి రెండోది వేస్తారు. అలసిపోయిన రాత్రి అందరం చేసే పని అదే. అప్పుడు రెండు పుస్తకాలు ఉన్నా ఒక్కటి ఉన్నట్టే.

## 4. పంపిణీ రిజిస్టరులో గడులు

పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా వచ్చే రెండు పేజీలనూ కలిపి ఒకటిగా వాడండి. ఎడమవైపు మనిషి వివరాలు, కుడివైపు సరుకు, సంతకం. మేము వాడిన గడులు ఇవి:

1. టోకెన్ నంబరు
2. కుటుంబ పెద్ద ఇంటిపేరు, పేరు
3. వీధి, ఇంటి గుర్తు
4. రేషన్ కార్డు నంబరు, లేకపోతే ఆధార్ చివరి 4 అంకెలు
5. పొయ్యి మీద ఎంతమంది
6. కిట్
7. దుప్పట్లు
8. విడి సరుకు
9. తీసుకున్నవారి పేరు, కుటుంబ పెద్దకు ఏమవుతారు
10. సంతకం లేదా వేలిముద్ర

రెండో గడి దగ్గర కొంచెం ఆగాలి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించొద్దు. "కె. వెంకటేశ్వరరావు" అని రాస్తే ఒకే వీధిలో ముగ్గురు దొరుకుతారు. ఇంటిపేరు పూర్తిగా, పేరు పూర్తిగా రాయాలి. అదీ వాళ్లు చెప్పినట్టు రాయాలి, మనకు తోచిన స్పెల్లింగులో కాదు. రాశాక పైకి చదివి వినిపించాలి.

మూడో గడిలో డోర్ నంబరు ఒక్కటే చాలదు. వరద తర్వాత సగం మందికి అది నోటికి రాదు. "రామాలయం ఎదురు సందు, రెండో మెట్ల ఇల్లు, పైన" అని రాస్తే రేపు ఎవరైనా వెళ్లి చూడగలరు.

నాలుగో గడిలో ఆధార్ పూర్తి నంబరు రాయొద్దు. ఆ పుస్తకం రోజంతా జనం మధ్య తెరిచి ఉంటుంది, ఫోన్‌లో ఫొటోలు తీస్తుంటారు. మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి చివరి 4 అంకెలు, ఇంటి గుర్తు, పేరు కలిపితే చాలు. కాగితాలన్నీ నీళ్లలో పోయినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు ఆ గడిలో "కార్డు తడిసిపోయింది" అని రాసి, అదే వీధికి చెందిన, ముందే జాబితాలో ఉన్న ఒకరి పేరూ టోకెన్ నంబరూ సాక్షిగా రాయాలి. కాగితం లేదని వెనక్కి పంపొద్దు. ఇల్లు మునిగినవాళ్లకే కాగితాలు ఉండవు.

తొమ్మిదో గడిని చాలామంది వదిలేస్తారు. పెద్దాయన పేరు మీద కోడలు తీసుకుంటుంది, సంతకం కోడలిది ఉంటుంది. వారం తర్వాత ఎవరైనా చూస్తే పేరుకూ సంతకానికీ పొత్తు ఉండదు. "లక్ష్మి, కోడలు" అన్న రెండు మాటలు ఆ ప్రశ్న రాకుండా చేస్తాయి. వేలిముద్ర అయితే పక్కనే ఎవరి ముద్రో పేరు రాయాలి. ఎడమ చేతి బొటనవేలు అని అందరికీ ఒకటే పెట్టుకోండి.

ఒక పేజీకి 20 వరసలు మించొద్దు. పేజీ చివర కిట్ల మొత్తం, దుప్పట్ల మొత్తం వేసి, తర్వాతి పేజీ పైన "వెనక పేజీ నుంచి" అని అదే అంకె రాసుకోవాలి. ఇరవై వరసలు కూడితే తప్పు పట్టుకోవడం తేలిక. రాత్రి నూట ముప్పై వరసలు ఒకేసారి కూడితే రెండుసార్లకు రెండు జవాబులు వస్తాయి.

## 5. విడి సరుకు కిట్‌గా మారే చోట

లెక్క తప్పడానికి ఇది పెద్ద చోటు. ఇక్కడ పుస్తకం పెట్టేవాళ్లు తక్కువ.

లారీ దిగినప్పుడు వచ్చేది బస్తాలు, డబ్బాలు. బల్ల మీదికి వెళ్లేది కిట్లు. మధ్యలో ఒక గదిలో కుర్రాళ్లు కూర్చుని కొలిచి, సంచుల్లో పోసి కడతారు. నిల్వ పుస్తకంలో ఈ రెంటికీ వేరువేరు పేజీలు ఉండాలి: విడి సరుకు పేజీలు (ఒక్కో సరుకుకు ఒకటి), కట్టిన కిట్ల పేజీ ఒకటి. కిట్లు కట్టినప్పుడల్లా విడి సరుకులో తీసివేత, కిట్లలో కూడిక ఒకేసారి పడాలి.

మా రెండో రోజు సంగతి చెబుతాను. ఆ పూట 120 కిట్లు కట్టాలి. కిట్‌కు 10 కేజీల చొప్పున 1,200 కేజీల బియ్యం, అంటే 50 కేజీల బస్తాలు 24. కాగితం మీద సరిగ్గా సరిపోవాలి. కానీ 25 బస్తాలు విప్పాల్సి వచ్చింది. చివరి బస్తాలో మిగిలింది తూస్తే 41 కేజీలు. విప్పింది 1,250, కట్టింది 1,200, మిగిలింది 41. తేడా 9 కేజీలు. కొంత నేల మీద ఒలికింది, కొంత డబ్బాతో కొలిచేటప్పుడు అటూ ఇటూ పోయింది. దాన్ని "తరుగు 9 కేజీలు" అని రాసి ఇద్దరం సంతకం పెట్టాం.

ఆ మాట రాయకపోతే ఏమవుతుంది? రెండు రోజుల తర్వాత పుస్తకంలో ఇంకో కిట్‌కు సరిపడా బియ్యం ఉంటుంది, గదిలో ఉండదు. అప్పుడు ఎవరో ఒకరి మీద మాట పడుతుంది. తరుగు రాయడం అవమానం కాదు. రోజురోజుకీ తరుగు పెరుగుతుంటే మాత్రం కొలిచే డబ్బా మార్చాలి, లేదా పది కిట్లకు ఒకటి తీసి మిషన్ మీద పెట్టి చూడాలి.

సరుకు దించుకునేటప్పుడు చలాన్ మీద ఉన్న అంకె చూసి రాయకండి. దించిన బస్తాలు లెక్కపెట్టి, రెండు మూడు తూచి, మన లెక్క రాయాలి. తేడా ఉంటే చలాన్ మీదే రాసి డ్రైవరుతో సంతకం పెట్టించాలి. లారీ కదిలాక అడిగేవాళ్లు ఉండరు.

కిట్లు ఎన్ని అవుతాయో చెప్పేటప్పుడు అన్నిటికన్నా తక్కువ ఉన్న సరుకును చూడాలి. బియ్యం 200 కిట్లకు ఉన్నా నూనె ప్యాకెట్లు 120 ఉంటే కిట్లు 120. టోకెన్లు పంచేవాళ్లకు చెప్పాల్సిన అంకె అదే. బియ్యం బస్తాల గుట్ట చూసి టోకెన్లు పంచి, మధ్యాహ్నానికి జనాన్ని ఖాళీ చేతులతో పంపిన శిబిరాన్ని నేను చూశాను. లైన్లో నిలబడ్డ ఆ పిల్లల తల్లుల ముఖాలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి.

## 6. బల్ల దగ్గర వరస

వరస మారకూడదు. ఒక్క మెట్టు ముందూ వెనకా అయినా తప్పు దొర్లుతుంది.

1. వచ్చినవారి టోకెన్ తీసుకోవాలి. నంబరు పైకి చదవాలి.
2. కుటుంబాల జాబితాలో ఆ నంబరు ఎదురు పేరు చూసి, "ఇంట్లో ఎంతమంది?" అని అడగాలి. జవాబు జాబితాతో కలవాలి.
3. పంపిణీ రిజిస్టరులో వరస పూర్తిగా రాయాలి. కిట్, దుప్పట్లు అంకెతో సహా.
4. రాసినది చదివి వినిపించాలి.
5. సరుకు చేతికి ఇవ్వాలి. వాళ్లే ఎదురుగా లెక్కపెట్టుకోవాలి.
6. అప్పుడు సంతకం.
7. టోకెన్ చింపకుండా, ఒక మూల మడిచి డబ్బాలో వేయాలి.

సంతకం సరుకు తర్వాతే ఉండాలి. లైను పొడుగ్గా ఉందని ముందే ఇరవై మందితో సంతకాలు పెట్టించి తర్వాత సరుకు ఇస్తుంటారు. వానొచ్చి లైను చెదిరితే సంతకం పెట్టినవాళ్లలో ఎవరికి అందిందో ఎవరూ చెప్పలేరు.

రానివాళ్ల కోసం తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. మంచం మీద ఉన్న ముసలాయన టోకెన్ పక్కింటాయన తెస్తాడు. ఇవ్వండి, కానీ రెండు టోకెన్లకూ రెండు వరసలు రాయండి. రెండో వరసలో తొమ్మిదో గడిలో "పక్కింటి టోకెన్ ఫలానా నంబరు ద్వారా" అని ఉండాలి. సాయంత్రం ఒకరు వెళ్లి ముసలాయనను అడిగి ఆ వరస పక్కన టిక్ పెట్టాలి.

## 7. సాయంత్రం లెక్క: ఒక రోజు పూర్తిగా

పంపిణీ ఆపిన అరగంటలో, ఎవరూ ఇంటికి వెళ్లకముందు ఇది జరగాలి. మూడు లెక్కలు విడివిడిగా తీయాలి: డబ్బాలో టోకెన్లు, రిజిస్టరులో వరసలు, గదిలో మిగిలిన సరుకు. ముగ్గురూ తమ అంకె కాగితం మీద రాశాకే ఒకరిది ఒకరికి చూపించాలి.

మా రెండో రోజు సాయంత్రం ఇలా ఉంది.

పొద్దున గదిలో పాత కిట్లు 46. ఆ రోజు కట్టినవి 120. కలిపి 166. రాత్రి గదిలో లెక్కపెడితే 34 ఉన్నాయి. అంటే బయటికి వెళ్లినవి 132.

రిజిస్టరులో వరసలు 129. కిట్లలో తేడా 3.

దుప్పట్లు పొద్దున 400. రాత్రి 102. వెళ్లినవి 298. రిజిస్టరు కూడితే 296. దుప్పట్లలో తేడా 2.

ఇక్కడే అందరం తొందరపడ్డాం. "మూడు కిట్లు పోయాయి" అన్నారు ఒకరు. గది తాళం ఎవరి దగ్గర ఉందన్న మాట మొదలైంది. రిజిస్టరు రాస్తున్న టీచరమ్మ మాత్రం, "ఆగండి, దుప్పట్లు రెండే కదా తక్కువ" అంది.

ఆమె చెప్పింది అర్థం కావడానికి కాసేపు పట్టింది. కిట్ తీసుకున్న ప్రతి కుటుంబమూ కనీసం రెండు దుప్పట్లు తీసుకుంటుంది. రాయకుండా మూడు కుటుంబాలకు ఇచ్చి ఉంటే దుప్పట్లలో తేడా ఆరుకు తగ్గదు. తేడా రెండే ఉంది కాబట్టి రాయకుండా పోయిన కుటుంబం ఒక్కటే, అదీ నలుగురి దాకా ఉన్నది. మిగతా రెండు కిట్లు కుటుంబాలకు వెళ్లలేదు, ఇంకేదో జరిగింది.

తర్వాత వెతకడం తేలికైంది. డబ్బాలో టోకెన్లు లెక్కపెడితే 130, నంబర్లు 215 నుంచి 344 దాకా. వాటిని వరసగా పేర్చి రిజిస్టరుతో టిక్ పెట్టుకుంటూ వెళితే 287 నంబరుకు వరస లేదు. 286 తెచ్చిన ఆయనే పక్కింటి పెద్దావిడ కోసం 287 కూడా తెచ్చాడు. రెండు కిట్లూ నాలుగు దుప్పట్లూ ఇచ్చి ఒక్క వరసే రాశాం. ఆవిడ దగ్గరికి మనిషిని పంపి అందిందని కనుక్కుని, ఆ రోజు చివరి వరస కింద "287, ఆలస్యంగా రాసినది" అని రాసి, తీసుకెళ్లినాయన సంతకం తీసుకున్నాం. మధ్యలో ఇరికించలేదు.

రెండో కిట్ గదిలోనే దొరికింది. నూనె ప్యాకెట్ పగిలి బియ్యం తడిసిన సంచిని ఎవరో తలుపు వెనక పెట్టి, చెప్పడం మరిచిపోయారు. నిల్వ పుస్తకంలో "విప్పిన కిట్ 1" అని రాసి, బాగున్న ఉప్పు, పప్పు విడి సరుకు పేజీల్లో కలిపాం. నూనె లీటరు, బియ్యం 10 కేజీలు "పాడైనవి" కింద వేశాం.

మూడోది దొరకలేదు.

అప్పుడు ఒక కుర్రాడు మంచి ఉద్దేశంతోనే అన్నాడు, "ఒక పేరు రాసేద్దామండీ, లెక్క సరిపోతుంది." అది మాత్రం ఎప్పుడూ చేయకూడదు. తీసుకోని కుటుంబం పేరు రాస్తే రేపు నిజంగా వాళ్లు వచ్చి అడిగినప్పుడు "మీరు తీసుకున్నారు" అని చెప్పాల్సి వస్తుంది. మేము ఇలా రాశాం:

- ఉండాల్సినవి: 166
- కుటుంబాలకు ఇచ్చినవి: 130
- విప్పినది: 1
- గదిలో ఉన్నవి: 34
- తెలియని తేడా: 1

కూడితే 166. కింద ముగ్గురి సంతకాలు, తేదీ, సమయం. మర్నాడు పొద్దున మొదలుపెట్టాల్సిన నిల్వ 34, పుస్తకం చెప్పే 35 కాదు. నూటముప్పై కిట్లలో ఒకటి తెలియలేదని రాసిన పుస్తకాన్ని తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు ఎవరూ తప్పుపట్టలేదు. తేడా ఒక్కటీ లేని పుస్తకం చూస్తేనే వాళ్లు వెనక్కి పేజీలు తిప్పుతారు.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఒకే కుటుంబం రెండుసార్లు. భార్య పుట్టింటి కార్డుతో ఒకసారి, భర్త పేరుతో ఒకసారి. చాలాసార్లు ఇది మోసం కాదు, ఇద్దరూ వేరువేరు లైన్లలో నిలబడి ఉంటారు. జాబితా రాసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లందరి పేర్లూ అడిగి రాస్తే అక్కడే తెలుస్తుంది. ఇచ్చేశాక తెలిస్తే వెనక్కి లాక్కోవద్దు. వరస పక్కన "టోకెన్ ఫలానాతో ఒకే పొయ్యి" అని రాసి, తర్వాతి విడతలో ఒకటే ఇవ్వాలి.

టోకెన్ పోయింది. కొత్త నంబరు ఇవ్వొద్దు. జాబితాలో పాత నంబరు వెతికి, దానికే "నకలు" అని రాసిన టోకెన్ ఇవ్వాలి. జాబితాలో ఆ వరసకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టాలి. కొత్త నంబరు ఇస్తే పాత టోకెన్ దొరికినవాళ్లు దానితో వస్తారు.

వాలంటీర్ల భోజనానికి కిట్ విప్పారు. తప్పేం లేదు, రోజంతా పనిచేసేవాళ్లు తినాలి. కానీ దానికి "శిబిరం వంటకు" అని నిల్వ పుస్తకంలో వరస ఉండాలి. దాన్ని ఏ కుటుంబం పేరు మీదా వేయకూడదు.

బల్లకు పంపినవి తిరిగొచ్చాయి. పొద్దున పంపిన 50 కిట్లలో 6 మిగిలి రాత్రి గదిలోకి వచ్చాయి. గది మనిషి వాటిని "వచ్చినవి" గడిలో రాస్తే ఆరు కిట్లు కొత్తగా పుట్టినట్టు అవుతుంది. "బల్ల నుంచి తిరిగి వచ్చినవి" అని వేరే గడి పెట్టండి, లేదా పంపిన అంకెనే అడ్డగీత కొట్టి 44 చేసి పొడి సంతకం పెట్టండి.

పుస్తకం తడిసింది. ప్రతి సాయంత్రం ఆ రోజు పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి ఇద్దరి దగ్గర ఉంచండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అందులో వందల కుటుంబాల పేర్లు, కార్డు నంబర్లు ఉంటాయి.

## 9. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు

కరెంటు వచ్చాక ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే రెండుసార్లు వచ్చిన పేర్లు పట్టుకోవడం తేలిక. ఎక్కించేముందు కార్డు నంబరు, ఆధార్ అంకెల గడులను `Text` గా మార్చుకోవాలి. లేకపోతే 0412 అని కొడితే 412 అయిపోతుంది.

వీధి `C` గడిలో, ఆధార్ చివరి అంకెలు `D` గడిలో ఉన్నాయనుకుందాం. రెండో వరసలో ఒక ఖాళీ గడిలో ఇది రాసి కిందిదాకా లాగండి:

```
=COUNTIFS(C:C,C2,D:D,D2)
```

ఒకటికి మించిన అంకె వచ్చిన వరసలను కాగితం రిజిస్టరులో తెరిచి చూడాలి. ఒకే వీధిలో ఇద్దరికి చివరి 4 అంకెలు కలవొచ్చు కాబట్టి, కంప్యూటర్ చెప్పిందని ఎవరి పేరూ కొట్టేయకండి. అలాగే వీధి పేరు ఒకచోట "రామాలయం సందు", ఇంకోచోట "రామాలయం వీధి" అని ఉంటే ఈ లెక్క వాటిని రెండుగా చూస్తుంది. ముందు వీధుల పేర్లు ఒకేలా సరిచేసుకోవాలి.

## 10. రాత్రి తాళం వేసేముందు

- టోకెన్లు, వరసలు, నిల్వ మూడూ రాసి సంతకాలు అయ్యాయా?
- రిజిస్టరులో ఆ రోజు చివరి వరస కింద అడ్డంగా గీత కొట్టారా? గీత లేకపోతే రాత్రి ఎవరైనా ఒక వరస చేర్చగలరు.
- ఆలస్యంగా రాసిన వరసలు, సాక్షి మీద ఇచ్చిన వరసలు గుర్తు పెట్టారా?
- వాడని టోకెన్లు లెక్కపెట్టి నిల్వ పుస్తకంలో రాశారా? టోకెన్ కూడా సరుకే.
- పంపిణీ రిజిస్టరు ఒకరి ఇంటికి, నిల్వ పుస్తకం ఇంకొకరి ఇంటికి వెళ్తున్నాయా?
- రేపు పొద్దున మొదటి వరసలో రాయాల్సిన అంకె, అంటే గదిలో చేత్తో లెక్కపెట్టిన కిట్లు, దుప్పట్లు, ఒక చీటీ మీద రాసి తలుపు లోపలివైపు అంటించారా? పొద్దున వచ్చే మనిషి ముందు ఆ చీటీ చూసి, మళ్లీ లెక్కపెట్టి, రెండూ కలిస్తేనే గది నుంచి మొదటి కిట్ బయటికి తీయాలి.